‘టెన్షన్‌గా ఉంటోందండీ’ తర్వాత ఏం చెప్పాలి? ఆందోళన గురించి మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు

ఓపీ గదిలో కుర్చీలో కూర్చోగానే డాక్టరు “చెప్పండి, ఏమైంది?” అంటారు. చాలామంది చెప్పేది ఇలా ఉంటుంది: “టెన్షన్‌గా ఉంటోందండీ. గుండె దడ, గ్యాస్ పైకి తన్నుతోంది, నీరసం, నిద్ర సరిగా పట్టట్లేదు.” ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అయితే ఈ మాటలు పట్టుకుని డాక్టరు ఎటూ వెళ్లలేరు. రక్తహీనత ఉన్నవాళ్లూ ఇవే చెబుతారు, థైరాయిడ్ ఎక్కువైనవాళ్లూ ఇవే చెబుతారు, గుండె లయ తప్పుతున్నవాళ్లూ ఇవే చెబుతారు. బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉంటారు. గ్యాస్ అన్న మాట వినిపించింది కాబట్టి ఒక పాంటోప్రజోల్, నీరసం అన్నారు కాబట్టి ఒక బీ కాంప్లెక్స్ రాసి పంపేస్తారు. నెల తర్వాత అదే మనిషి అదే బాధతో ఇంకో డాక్టరు దగ్గర కూర్చుంటారు.

ఇక్కడ తప్పంతా డాక్టరుదీ కాదు, రోగిదీ కాదు. షుగరుకు రక్త పరీక్ష ఉంది, ఎముక విరిగితే ఎక్స్‌రే ఉంది. ఆందోళన జబ్బును నేరుగా చూపించే పరీక్ష ఏదీ లేదు. రక్త పరీక్షలు, ఈసీజీ అన్నీ వేరే జబ్బులు లేవని తేల్చుకోవడానికే. ఆందోళన అని నిర్ధారించేది మాత్రం రోగి చెప్పే కథను బట్టే. ఆ కథలో డాక్టరు వెతికేది ముఖ్యంగా మూడు విషయాలు: అది ఎలా మొదలై ఎలా తగ్గుతోంది, అలాగే కనిపించే వేరే కారణం ఏదైనా ఉందా, దాని వల్ల రోజువారీ జీవితంలో ఏం ఆగిపోయింది. ఈ మూడూ ఒక కాగితం మీద ముందే రాసుకుని వెళితే ఐదు నిమిషాల ఓపీ కూడా సరిపోతుంది.

అన్నీ కాదు, ఒక్కరోజు చెప్పాలి

“ఎప్పుడూ ఇలాగే ఉంటుంది” అనే మాట డాక్టరుకు ఏమాత్రం పనికిరాదు. ఎప్పుడూ అనిపించడం నిజమే, కానీ అడిగి చూస్తే పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ, ఆదివారం అసలు లేదు అని తేలుతుంది. అందుకే బాగా గుర్తున్న ఒక్క సందర్భాన్ని, వీలైతే ఈమధ్యే జరిగినదాన్ని తీసుకుని గడియారం ప్రకారం చెప్పాలి. ఎన్నింటికి మొదలైంది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఒంట్లో ముందుగా ఏం తెలిసింది, పూర్తిగా పెరగడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎంతసేపటికి తగ్గింది, తగ్గాక ఎలా ఉంది.

ఇంత వివరం ఎందుకంటే, రోగం ఏదన్నది చాలావరకు ఈ పెరిగి తగ్గే తీరులోనే తెలుస్తుంది. పానిక్ ఎటాక్ అనేది కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి వెళుతుంది, చాలామందిలో పది నిమిషాలలోపే. తర్వాత నెమ్మదిగా దిగుతుంది, అరగంటకో గంటకో ఒళ్లు అలిసిపోయి వదిలేస్తుంది. ఆ కొద్దిసేపట్లో దడ, చెమటలు, వణుకు, ఊపిరి ఆడనట్టు ఉండటం, చేతివేళ్లకూ మూతి చుట్టూ తిమ్మిర్లు, చచ్చిపోతానేమో అన్న భయం అన్నీ ఒకేసారి మీదపడతాయి. ఆ తిమ్మిర్లకు కారణం వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం. నరాల బలహీనత అని బి12 సూదులు వేయించుకునేవాళ్లలో కొందరి అసలు సంగతి ఇదే.

ఎప్పుడూ ఏదో ఒకదాని గురించి దిగులు పడుతూ ఉండే ఆందోళన వేరే తీరుగా ఉంటుంది. దానికి ఇలాంటి శిఖరం ఉండదు. పిల్లల చదువు, అప్పు, ఆరోగ్యం, రేపు జరగబోయేది అంటూ దిగులు ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి మారుతుంది. మెడ, భుజాలు బిగుసుకుంటాయి, ఊరికే చిరాకు వస్తుంది, మనసు పని మీద నిలవదు. వైద్యులు వాడే ఒక ప్రమాణం ప్రకారం ఇది ఆరు నెలలుగా, ఎక్కువ రోజుల్లో ఉంటేనే జబ్బుగా పేరు పెడతారు. కాబట్టి ‘ఎన్నాళ్ల నుంచి’ అన్న ప్రశ్నకు “చాన్నాళ్ల నుంచి” అనకుండా, “సంక్రాంతికి ముందు నుంచి”, “మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్లినప్పటి నుంచి” అని ఏదో ఒక గుర్తు పెట్టి చెబితే లెక్క తేలుతుంది.

మూడో తీరు గుండె లయకు సంబంధించినది. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా దడ మొదలై, స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగిపోతే, నాడి 150కి పైన కొట్టుకుంటూ ఉంటే అది గుండెలోని విద్యుత్ మార్గంలో లోపం కావచ్చు. ఇలాంటివాళ్లలో కొందరిని ఏళ్ల తరబడి టెన్షన్ కేసులుగా పక్కన పెట్టడం జరుగుతుంది. ఎందుకంటే దడ లేనప్పుడు తీసిన ఈసీజీ చాలావరకు మామూలుగానే వస్తుంది. “మెల్లగా పెరిగి మెల్లగా తగ్గిందా, టక్కున మొదలై టక్కున ఆగిందా” అన్న ఒక్క వివరం ఇక్కడ ఎంతో తేడా చేస్తుంది. దడ వచ్చినప్పుడు నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. కొట్టుకోవడం ఒకే తాళంలో ఉందా, మధ్యమధ్యలో తప్పుతోందా కూడా గమనించండి. ఆ అంకె, ఆ మాట రాసుకుంటే చాలు.

ఒక జాగ్రత్త. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్నా, నడిస్తే పెరిగి ఆగితే తగ్గుతున్నా, చెమటలతో స్పృహ తప్పినా, అది రాసుకుని అపాయింట్‌మెంట్ కోసం ఆగే సందర్భం కాదు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇంతకుముందు రెండుసార్లు గ్యాస్ అని తేలిందన్న ధీమాతో మూడోసారి ఇంట్లో కూర్చోకూడదు.

మన మాటల్లో ఉన్న ఇబ్బంది

ఒంట్లో జరిగేదాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొరత లేదు. దడ, గాభరా, గుబులు, కంగారు, ఆయాసం, కడుపులో దేవడం, గుండె జారినట్టు ఉండటం... ఇవన్నీ నిజానికి చాలా సూక్ష్మమైన మాటలు. ఇబ్బంది ఎక్కడంటే, డాక్టరు ముందు కూర్చోగానే ఈ మాటలు వదిలేసి ‘టెన్షన్, గ్యాస్, బీపీ డౌన్, నరాల వీక్‌నెస్’ అనే నాలుగు మాటల్లోకి మారిపోతాం. చదువుకున్నవాళ్లయితే ఇంకో అడుగు ముందుకేసి “నాకు యాంగ్జైటీ ఉందండీ” అని రోగం పేరే చెప్పేస్తారు. పేరు చెప్పగానే వర్ణన ఆగిపోతుంది. డాక్టరుకు కావాల్సింది ఆ పేరు వెనక ఉన్న అనుభవం. ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చెబితేనే వైద్యపరంగా ఎక్కువ ఉపయోగం.

‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్న మాటే తీసుకుందాం. గది మొత్తం గిరగిరా తిరుగుతున్నట్టు ఉండటం ఒకటి, అది చాలావరకు లోపలి చెవికి సంబంధించినది. లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మి పడిపోతామేమో అనిపించడం ఇంకొకటి, అది బీపీ పడిపోవడమో రక్తం తక్కువ కావడమో కావచ్చు. తల తేలిపోతున్నట్టు, చుట్టూ ఉన్నదంతా నిజం కానట్టు, ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టు ఉండటం మూడోది. ఆందోళనలో ఎక్కువగా కనిపించేది ఈ మూడోదే. ఇలా చెబితే పిచ్చి అనుకుంటారేమో అని చాలామంది దీన్ని దాచేసి ‘కళ్లు తిరుగుతున్నాయి’ అని ఊరుకుంటారు. డాక్టర్లకు ఇది బాగా తెలిసిన లక్షణమే, భయపడాల్సింది కాదు.

ఆయాసం సంగతీ అంతే. మెట్లెక్కితే వచ్చే ఆయాసం గుండె వైపో, ఊపిరితిత్తుల వైపో, రక్తహీనత వైపో చూపిస్తుంది. కూర్చుని ఉండగా ‘ఊపిరి పూర్తిగా లోపలికి పోవట్లేదు, పెద్దగా నిట్టూరిస్తే గానీ తృప్తిగా లేదు’ అనిపిస్తే, అదే మనిషి హాయిగా మెట్లెక్కగలిగితే, ఆ కథ వేరు. నిద్ర పట్టట్లేదు అన్నప్పుడు కూడా పడుకోగానే పట్టట్లేదా, పట్టి మూడు గంటలకే మెలకువ వచ్చేస్తోందా చెప్పాలి. ఆలోచనలతో నిద్ర దగ్గరికి రాకపోవడం ఆందోళనలో ఎక్కువ. తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఆ వేళలోనే మనసు అన్నిటికన్నా బరువుగా ఉంటే డాక్టరు డిప్రెషన్ గురించి కూడా అడుగుతారు. రెండూ కలిసి ఉండటం మామూలే.

‘గ్యాస్’ మాట మీద ఇంకాస్త ఆగాలి. తెలుగువాళ్లలో ఛాతీకి సంబంధించిన ప్రతి ఇబ్బందికీ ఈ మాట అతికించే అలవాటుంది. పుల్లటి త్రేన్పులా, తిన్నాక ఛాతీలో మంటా, కడుపు ఉబ్బరమా, గుండెల మీద బరువు పెట్టినట్టా, గొంతులో ఏదో అడ్డం పడినట్టా? ఇవి ఐదూ ఐదు వేర్వేరు లక్షణాలు. రాసుకునే కాగితం మీద గ్యాస్ అన్న మాట రాయకూడదని నియమం పెట్టుకుంటే అసలు లక్షణం దానంతట అదే బయటికి వస్తుంది.

ఆందోళనలా కనిపించేవి, సంచిలో పట్టుకెళ్లాల్సినవి

మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరు మనసులో నడిచే ప్రశ్న: ఈ దడకూ వణుకుకూ ఒంట్లోనే కారణం ఉందా? థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే బరువు తగ్గడం, చెమటలు, వేడి తట్టుకోలేకపోవడం, చేతుల వణుకు, గుండె వేగం అన్నీ వస్తాయి, మనసులో గాభరా కూడా వస్తుంది. థైరాయిడ్ తక్కువై మాత్రలు వేసుకునేవాళ్లకు మోతాదు ఎక్కువైనా ఇదే జరుగుతుంది. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకు షుగరు పడిపోయినప్పుడు వచ్చే చెమటలు, వణుకు, గాభరా పానిక్‌ను అచ్చం పోలి ఉంటాయి. అప్పుడు గ్లూకోమీటరుతో చూసిన అంకె ఒక్కటి ఉంటే చర్చే అక్కర్లేదు.

ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలరు, జలుబు మాత్రల్లో ఉండే కొన్ని మందులు, కొందరిలో స్టెరాయిడ్ మాత్రలు కూడా దడనూ నిద్రలేమినీ తెస్తాయి. అందుకే “ఏదో చిన్న తెల్ల మాత్ర” అని చెప్పకుండా, వేసుకుంటున్న ప్రతిదాని స్ట్రిప్పు సంచిలో వేసుకుని వెళ్లాలి. ఆయుర్వేదం, హోమియో, బరువు తగ్గే పొడులు, జిమ్ పొడులు కూడా అందులో ఉండాలి. స్ట్రిప్పు మీద పేరు చిరిగిపోయి ఉంటే మెడికల్ షాపు బిల్లు సరిపోతుంది.

స్ట్రిప్పుల్లో ఒకటి మరీ ముఖ్యం. నిద్రకో టెన్షన్‌కో ఎవరో ఇచ్చిన ఆల్ప్రాజోలం, క్లోనజెపాం లాంటి మాత్ర. చీటీ లేకుండా తెచ్చుకున్నాం కదా, తిడతారేమో అని దీన్ని ఎక్కువమంది చెప్పరు. కానీ రోజూ వేసుకునేవాళ్లకు దాని ప్రభావం తగ్గే వేళకు ఆందోళన ఎగదన్నుకు వస్తుంది. ఆ సంగతి తెలియని డాక్టరు జబ్బు ముదిరిందనుకుంటారు. ఎన్నాళ్లుగా, ఎంత మోతాదు, రోజుకు ఎన్ని అన్నది తప్పక రాయాలి. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం కదా అని దాన్ని ఉన్నట్టుండి మానేయడం ఇంకా ప్రమాదం, ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది.

మద్యం, కల్లు సంగతి కూడా ఇంతే. తెలంగాణలో కొన్నిచోట్ల కల్తీ కల్లులో ఇదే జాతి మత్తుమందులు కూడా కలుపుతారు. రోజూ తాగే మనిషికి అది అందని రోజున చేతుల వణుకు, నిద్ర లేకపోవడం, విపరీతమైన కంగారు, ఒక్కోసారి పొంతనలేని మాటలు వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివారు పెద్ద సంఖ్యలో వచ్చారు. చివరిసారి ఎప్పుడు తాగారు, తర్వాత ఎన్ని గంటలకు ఈ బాధ మొదలైంది అన్నది చెప్పకపోతే అక్కడ కారణం ఎవరికీ తెలియదు. టీ కాఫీలు రోజుకు ఎన్ని కప్పులు, ఆఖరిది ఎన్ని గంటలకు, సిగరెట్లు, గుట్కా ఎంత అన్నవీ ఈ వరుసలోనే ఒక గీత గీసి రాయవచ్చు.

పాత రిపోర్టుల్లో మూడు పనికొస్తాయి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఈసీజీ. వాటిమీద తేదీ కనిపించాలి. ఈసీజీ వేడికి ముద్రపడే కాగితం మీద వస్తుంది, కాలం గడిచేకొద్దీ గీతలు వెలిసిపోతాయి. తీసిన రోజే ఫోన్‌లో ఫొటో తీసుకుంటే మంచిది. కుప్పలుగా ఉన్న ఫైలంతా బల్ల మీద పెడితే డాక్టరు సమయం కాగితాలు తిప్పడానికే పోతుంది. ఆ మూడింటినీ పైన పెట్టి, మిగతావి అడిగితే ఇవ్వాలి.

ఇంకో మూడు సంగతులు అడిగినా అడక్కపోయినా చెప్పాలి, ఎందుకంటే ఇవి మందు ఎంపికను నేరుగా మారుస్తాయి. ఆస్తమా ఉంటే దడ తగ్గించే ప్రొప్రనొలాల్ ఇవ్వరు. గర్భం ఉన్నా, ప్రయత్నిస్తున్నా, పాలిస్తున్నా లెక్క వేరు. కుటుంబంలో గానీ మీలో గానీ ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారు, ఆగకుండా మాటలు, ఇష్టమొచ్చినట్టు ఖర్చు లాంటి దశ వచ్చి ఉంటే అది బైపోలార్ అనే మానసిక జబ్బు కావచ్చు. అలాంటివారికి ఆందోళనకు మామూలుగా ఇచ్చే మందులు ఆ దశను మళ్లీ రెచ్చగొట్టే వీలుంది.

ఒక పేజీ ఎలా ఉంటుంది

గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ చూసే 34 ఏళ్ల మహిళను ఊహించుకుందాం. ఫిబ్రవరిలో ఒక రాత్రి దడతో క్యాజువాలిటీకి వెళ్లింది. ఈసీజీ బాగుందన్నారు, గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. తర్వాత మూడు నెలల్లో ఇద్దరు డాక్టర్ల దగ్గర “టెన్షన్, గ్యాస్, నీరసం” అని చెప్పి వచ్చింది. మే నెలలో ఇంకో ఫిజీషియన్ దగ్గరికి వెళ్లేముందు పది రోజుల పాటు రాసుకుంది. ఆ పేజీ ఇలా ఉంది:

“మొదటిసారి: ఫిబ్రవరి రెండో వారం, రాత్రి 11, పడుకుని ఫోన్ చూస్తుండగా. ఇప్పుడు వారానికి రెండుసార్లు. చివరిది మే 6, మంగళవారం, స్కూలు బస్సు ఫీజుల లెక్క చూస్తుండగా, మధ్యాహ్నం 12:10. ముందు గుండె గట్టిగా కొట్టుకుంది, తర్వాత ఊపిరి చాలనట్టు, వేళ్లు తిమ్మిరి, ఇక్కడే పడిపోతానన్న భయం. 12:20కి బాగా ఎక్కువ. 12:45కి తగ్గింది. సాయంత్రం దాకా ఒళ్లు పీకేసినట్టు. నాడి 15 సెకన్లకు 28, అంటే 112, తాళం తప్పలేదు. మామూలు వేళ కూర్చుని చూసినా 96, 98.

ఏం మానేశాను: మార్చి నుంచి విజయవాడ అమ్మ వాళ్లింటికి బస్సులో వెళ్లట్లేదు. ఒంటరిగా స్నానానికి తలుపు గడియ పెట్టట్లేదు. రోజుకు పది పన్నెండుసార్లు నాడి చూసుకుంటున్నాను.

మందులు: థైరాయిడ్ మాత్ర 75 నుంచి 125కి జనవరిలో పెంచారు, తర్వాత పరీక్ష చేయించలేదు. పాంటోప్రజోల్ పొద్దున. టీ ఐదు కప్పులు. బరువు మూడు కిలోలు తగ్గింది. డిసెంబరులో నాన్నకు గుండెపోటు, స్టెంట్ వేశారు.

నా భయం: నాన్నలాగే నాకూ గుండె జబ్బేమో.”

ఇందులో టెన్షన్, గ్యాస్ అన్న మాటలే లేవు. అయినా చదివిన డాక్టరుకు రెండు దారులు ఒకేసారి కనిపిస్తాయి. పది నిమిషాల్లో పెరిగి అరగంటలో తగ్గడం, తిమ్మిర్లు, పడిపోతానన్న భయం, బస్సు మానేయడం పానిక్‌ను చూపిస్తున్నాయి. మామూలు వేళలో కూడా నాడి వేగంగా ఉండటం, బరువు తగ్గడం, జనవరిలో మోతాదు పెంచాక పరీక్షే లేకపోవడం థైరాయిడ్ మాత్ర ఎక్కువైందని చెబుతున్నాయి. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష మళ్లీ చేయించడం పద్ధతి, మాత్ర ఎక్కువైతే ఆ అంకె తగ్గుతుంది. ఇక్కడ దాదాపు నాలుగు నెలలైంది. ఆ మాత్ర సంగతి ఇంతకుముందు డాక్టర్లకు ఆమె చెప్పనే లేదు, ఎందుకంటే ఎనిమిదేళ్లుగా వేసుకునేది ఆమె దృష్టిలో మందే కాదు. చాలామంది బీపీ మాత్రను, గర్భనిరోధక మాత్రను కూడా ఇలాగే లెక్కలోంచి వదిలేస్తారు.

‘ఏం మానేశాను’ అన్న భాగం చిన్నదిగా కనిపిస్తుంది గానీ జబ్బు తీవ్రతను కొలవడానికి దానికంటే మంచి కొలత లేదు. భయం పదికి ఎనిమిది అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. అమ్మ వాళ్లింటికి రెండు నెలలుగా వెళ్లలేదు అంటే అందరికీ ఒకటే అర్థం. నాడి పదిసార్లు చూసుకోవడం కూడా ఆమె రాసింది, అదీ ఒక లక్షణమే. ఆ మాటకొస్తే రాసుకునే పనికి ఇక్కడ ఒక హద్దు ఉంది. ప్రతి గంటకూ ఒంట్లో ఏమవుతోందో వెతికి రాసుకుంటే ఆందోళన ఇంకా పెరుగుతుంది. ఎటాక్ వచ్చినప్పుడు ఒకసారి, రాత్రి పడుకునేముందు రెండు వాక్యాలు చాలు. పది రోజులు నిండలేదని అపాయింట్‌మెంట్ వాయిదా వేయాల్సిన పనీ లేదు, మూడు రోజుల రాతైనా పనికొస్తుంది.

కొందరు డాక్టర్లు జీఏడీ-7 అనే ప్రశ్నపత్రం ఇస్తారు. గత రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. పదీ ఆపైన వస్తే ఇంకా లోతుగా చూడాలని అర్థం. ఇంట్లోనే నింపి, తేదీ వేసి పట్టుకెళ్లినా మంచిదే, తర్వాత చికిత్సతో ఎంత తగ్గిందో పోల్చడానికి పనికొస్తుంది. కానీ అది రోగ నిర్ధారణ కాదు. పైన చెప్పిన మహిళ నింపితే థైరాయిడ్ మాత్ర ఎక్కువైన కారణంగా కూడా మార్కులు పెరుగుతాయి. కాగితం ఆ తేడా చెప్పలేదు.

గదిలోకి వెళ్లాక

మొదటి నిమిషంలో కాగితం చేతికివ్వడం కంటే చదివి వినిపించడం మేలు. “డాక్టరు గారూ, మూడు నెలలుగా వారానికి రెండుసార్లు ఉన్నట్టుండి దడ, ఊపిరాడకపోవడం వస్తోంది. పది నిమిషాల్లో పెరిగి అరగంటలో తగ్గుతోంది. దీనివల్ల బస్సెక్కడం మానేశాను. జనవరిలో థైరాయిడ్ మాత్ర పెంచారు. నాన్నగారికి గుండెపోటు వచ్చింది, నాకూ అదేమో అని భయంగా ఉంది.” ఇది చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆ చివరి వాక్యం మాత్రం మానకూడదు. దేనికి భయపడుతున్నారో చెప్పకపోతే, డాక్టరు దాన్ని తేల్చి చెప్పే అవకాశమే రాదు, “రిపోర్టులన్నీ నార్మల్” అన్న మాట ఊరట ఇవ్వదు.

మన దగ్గర డాక్టరు గదిలోకి ఒంటరిగా వెళ్లడం తక్కువ. భర్తో అత్తగారో అమ్మో పక్కన కూర్చుంటారు, చాలాసార్లు వాళ్లే మాట్లాడతారు. “ఏం లేదండీ, ప్రతిదానికీ ఊరికే ఆలోచిస్తుంది” అని ప్రేమతోనే అంటారు, ఆ ఒక్క మాటతో కథ ముగిసిపోతుంది. తోడు వచ్చినవాళ్లు నిజంగా ఉపయోగపడేది బయటినుంచి చూసినది చెప్పినప్పుడే: ఎటాక్ వచ్చినప్పుడు ముఖం ఎలా ఉంది, పెదాలు నీలంగా మారాయా, పిలిస్తే పలికిందా, రాత్రి గురక ఉందా. ఆ తర్వాత “రెండు నిమిషాలు డాక్టరు గారితో ఒంటరిగా మాట్లాడతాను” అని అడగడంలో తప్పేమీ లేదు. ఇంట్లో కొట్టడం, అప్పు, తాగుడు, ఇంట్లోవాళ్లకు తెలియని మాత్రలు లాంటివి ఆ రెండు నిమిషాల్లోనే బయటికి వస్తాయి. మానసిక ఆరోగ్య చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే దాన్ని కాగితంలో చివరి వరుసలో పెట్టకూడదు, నోరు తెరవగానే చెప్పాల్సింది అదే. చెప్పడానికి మాట రాకపోతే “బతకాలని అనిపించట్లేదు” అని రాసి చూపించినా చాలు. అపాయింట్‌మెంట్ వరకూ ఆగలేని పరిస్థితి ఉంటే టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

బయటికి వచ్చేముందు అడిగి రాసుకోవాల్సినవి రెండే. ఇచ్చిన మందు పనిచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది, మొదట్లో ఏం ఇబ్బంది పెట్టవచ్చు? ఆందోళనకు మామూలుగా ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు ప్రభావం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజులు కొందరిలో కడుపు తిప్పడం, గాభరా కాస్త పెరగడం ఉంటుంది. ఇది తెలియక నాలుగో రోజునే ‘పడలేదు’ అని మానేసేవాళ్లు ఎందరో.

గుంటూరు మహిళకు ఫిజీషియన్ ముందుగా థైరాయిడ్ పరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 0.05 వచ్చింది, మామూలుగా ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ, అంటే మాత్ర ఎక్కువైంది. మోతాదు తగ్గించారు, టీ తగ్గించమన్నారు. ఆరు వారాల్లో మామూలు వేళ నాడి 78కి దిగింది, బరువు తగ్గడం ఆగింది, ఎటాకులు నెలకు ఒకటికి వచ్చాయి. కానీ బస్సు భయం అలాగే ఉండిపోయింది. ఒంట్లో మొదలైన దడ కారణం పోయినా, దాని చుట్టూ పెరిగిన భయం దానంతట అదే పోలేదు. రెండోసారి వెళ్లినప్పుడు ఆమె పేజీలో ‘ఏం మానేశాను’ అన్న వరుస ఇంకా నిండుగా ఉండటం చూసే డాక్టరు ఆమెను సైకాలజిస్టు దగ్గరికి పంపారు. అక్కడ మొదలైంది తప్పించుకున్న చోటికే కొంచెం కొంచెంగా తిరిగి వెళ్లే చికిత్స. ముందు బస్టాండు దాకా, తర్వాత ఎక్కి రెండు స్టాపులు, తర్వాత ఇంకాస్త దూరం.

సెప్టెంబరులో ఆమె రాసుకున్న ఒక ఆదివారం ఇలా ఉంది: “విజయవాడ బస్సు, కిటికీ సీటు. మంగళగిరి దగ్గర దడ. ఆరు నిమిషాలు. నాడి చూసుకోలేదు. దిగలేదు. అమ్మ పులిహోర చేసింది.”